పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ రావాలంటే మెయిల్‌లో ఏం అడగాలి

ప్రశ్న: 2019 జూన్ 17 నుంచి 2022 మార్చి 17 వరకు హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేశాను. నోటీసు 60 రోజులు. 45 రోజులు చేశాక మేనేజర్ సరేనన్నారని వచ్చేశాను. అప్పట్లో ఖమ్మంలో ఇంటి నుంచే పని, ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపేశాను. ఆఖరి జీతం పడలేదు, లెటర్లు ఇవ్వలేదు. తర్వాత చేరిన చిన్న కంపెనీ అవేమీ అడగలేదు. ఇప్పుడు కొత్త కంపెనీ అప్లికేషన్‌లో రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు రెండూ పెట్టమంటున్నారు, రెండు వారాలు టైమిచ్చారు. పాత హెచ్ఆర్‌కి రెండు మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. నా మేనేజర్ కూడా మానేశారు. మెయిల్ ఎలా రాయాలి సర్? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

హెచ్ఆర్‌లో ఉద్యోగుల ఎగ్జిట్ పని చాలా ఏళ్లు చూశాను. మీ మెయిల్ అవతలివాళ్ల దగ్గర ఎలా కనిపిస్తుందో ముందు చెబుతాను. అది తెలిస్తే ఏం రాయాలో సగం తేలిపోతుంది.

మీ మెయిల్ ఒక ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లో పడుతుంది. దాన్ని చూసేది సాధారణంగా ఒక జూనియర్ ఎగ్జిక్యూటివ్. ఆ అమ్మాయో అబ్బాయో మీరు మానేసినప్పటికి ఆ కంపెనీలో చేరి కూడా ఉండరు. మీ ఎంప్లాయీ ఐడీ కొట్టి సిస్టమ్‌లో చూస్తారు. అక్కడ మీ పేరు పక్కన ‘రిలీవ్డ్’ అని ఉంటే పని పది నిమిషాల్లో అయిపోతుంది. లెటర్ నమూనా ముందే ఉంటుంది, వివరాలు పడతాయి, సంతకం పెట్టించి పంపేస్తారు. ‘సెటిల్‌మెంట్ పెండింగ్’ అనో, చెప్పకుండా వెళ్లిపోయారని అర్థమొచ్చే ‘అబ్‌స్కాండింగ్’ అనో ఉంటే ఆ జూనియర్ చేతిలో ఏమీ లేదు. ఫైనాన్స్ వాళ్లని అడగాలి, ఐటీ వాళ్లని అడగాలి, పైవాళ్ల అనుమతి కావాలి. ఎవరూ వెంటపడని పని కాబట్టి మెయిల్ పక్కకి పోతుంది. మెయిల్‌లో ఐడీ కూడా లేకుండా ‘నేను ఫలానా, 2022లో మానేశాను, లెటర్ ఇవ్వగలరు’ అని ఉంటే అసలు వెతకరు.

మీ ఆఖరి జీతం పడలేదన్నారు కదా, అంటే మీ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అప్పుడు మూయలేదు. కాబట్టి మీరు ఎన్నిసార్లు లెటర్ అడిగినా వాళ్లకి అడ్డుపడేది ఆ తెరిచి ఉన్న ఫైలే. మెయిల్‌లో అసలు అడగాల్సింది ఆ ఫైలు మూయమని. లెటర్లు దాని వెనకే వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త కంపెనీ మీ లెటర్ చూసి ఊరుకోదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ అదే పాత హెచ్ఆర్‌కి సొంతంగా మెయిల్ పెడుతుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, మానేసిన కారణం, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ పూర్తయ్యాయా, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారా అని ఒక ఫారం ఉంటుంది. ఎవరో పాత పరిచయస్తుడు మొహమాటానికి లెటర్ ఇచ్చినా, సిస్టమ్‌లో ‘పెండింగ్’ అనే ఉంటే ఏజెన్సీకి వెళ్లే జవాబు అదే. డబ్బు తీసుకుని లెటర్లు తయారుచేసి ఇచ్చేవాళ్ల జోలికి వెళ్లొద్దని చెప్పేది కూడా అందుకే. దొరికేది ఇక్కడే, దొరికితే పోయేది కొత్త ఉద్యోగం.

మెయిల్ రాసేముందు ఒక సాయంత్రం కూర్చుని మూడు విషయాలు తవ్వండి.

మొదటిది ల్యాప్‌టాప్. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో మానేసినవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగింది ఇక్కడే. పార్సిల్ ఆఫీసుకి చేరుతుంది, సెక్యూరిటీ దగ్గర ఎవరో సంతకం పెట్టి తీసుకుంటారు, అది ఐటీ స్టోర్‌కి వెళ్తుంది, కానీ మీ పేరు మీదున్న ఎంట్రీని ఎవరూ తీసెయ్యరు. బాకీలేమీ లేవని ఒక్కో విభాగం ఒప్పుకునే మీ నో డ్యూస్ ఫారంలో ఐటీ గడి ఖాళీగానే మిగిలిపోతుంది. కొరియర్ రసీదు ఫొటో మీ ఫోన్‌లోనో, వాట్సాప్‌లో ఎవరికో పంపినదో ఉంటుంది, వెతకండి. ఇన్నేళ్ల తర్వాత కొరియర్ సైట్‌లో ట్రాకింగ్ కనిపిస్తుందని ఆశపడొద్దు, రసీదు మీద నంబరు, తేదీ ఉంటే అదే చాలు. రసీదు లేకపోతే ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు కావాలి. ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఇచ్చిన గేట్ పాస్‌లో ఉంటుంది, లేదా అసెట్ కేటాయించినప్పుడు వచ్చిన మెయిల్‌లో ఉంటుంది. ఆ నంబరుతో వెతికితే, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఆ సంగతి వాళ్ల రికార్డులోనే బయటపడుతుంది. అంతకంటే రుజువు అక్కర్లేదు.

రెండోది నోటీసు సంగతి. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు పీరియడ్ క్లాజు చదవండి. తక్కువ చేసిన రోజులకి బేసిక్ మీద కోస్తారా, గ్రాస్ మీద కోస్తారా అన్నది అందులో ఉంటుంది. మేనేజర్ సరేనన్నది ఎక్కడైనా రాతలో ఉందా చూడండి. కంపెనీ మెయిల్ ఇప్పుడు తెరవలేరు, నిజమే. కానీ రాజీనామా చేసేటప్పుడు చాలామంది పర్సనల్ మెయిల్‌కి కూడా ఒక కాపీ పెట్టుకుంటారు, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి ‘మీ రాజీనామా ఆమోదించబడింది’ అనే ఆటోమేటిక్ మెయిల్ కూడా పర్సనల్ ఐడీకి వస్తుంటుంది. జీమెయిల్‌లో కంపెనీ పేరుతో, 2022 జనవరి నుంచి ఏప్రిల్ దాకా తేదీలు పెట్టి వెతకండి. మేనేజర్‌తో వాట్సాప్ చాట్ ఉంటే దాన్ని తీసిపారేయొద్దు. ఆయన కంపెనీ మానేసినా, ‘ఫలానా తేదీన రిలీవ్ చేయడానికి నేను ఒప్పుకున్నాను’ అని ఇప్పుడు ఒక రెండు వాక్యాల మెయిల్ పెట్టగలరు. మాజీ మేనేజర్ మాటకి అధికారం ఉండదు గానీ, మీరు చెప్పాపెట్టకుండా పోలేదని చూపించడానికి పనికొస్తుంది.

మూడోది పీఎఫ్. ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో మీ యూఏఎన్‌తో లాగిన్ అయి `View` కింద `Service History` తెరవండి. ఆ కంపెనీ వరుసలో చేరిన తేదీ, ఎగ్జిట్ తేదీ కనిపిస్తాయి. మీ కేసులో ఇక్కడ ఒక మెలిక ఉండే అవకాశం ఉంది. మార్చి జీతం ఆపేశారు కాబట్టి మార్చి నెలకి పీఎఫ్ కూడా కట్టి ఉండకపోవచ్చు. అప్పుడు ఎగ్జిట్ తేదీ ఖాళీగానైనా ఉంటుంది, ఫిబ్రవరి 28 అనైనా ఉంటుంది. మీరు అప్లికేషన్‌లో మార్చి 17 అని రాస్తారు, లెటర్‌లో మార్చి 17 అని వస్తుంది, పీఎఫ్‌లో ఫిబ్రవరి 28 కనిపిస్తుంది. వెరిఫికేషన్ వాళ్లు ఎర్రగీత గీసేది ఇలాంటి చోటే.

ఖాళీగా ఉంటే మీరే `Manage` లోకి వెళ్లి `Mark Exit` నొక్కి తేదీ పెట్టేసుకోవచ్చు, 2020 నుంచి ఆ సౌకర్యం ఉంది. కానీ తొందరపడొద్దు. ఆఖరి చందా ఏ నెలది పడిందో ఆ నెలలోని తేదీ మాత్రమే అది తీసుకుంటుంది. మీ విషయంలో ఆఖరి చందా ఫిబ్రవరిది అయితే మార్చి 17 పెట్టడానికి వీలుండదు, ఫిబ్రవరి తేదీ పెట్టేశాక మార్చుకోవాలంటే జాయింట్ డిక్లరేషన్ అనే ఇంకో తతంగం. ముందు కంపెనీని అడగండి. వాళ్లు మార్చి జీతం సెటిల్ చేస్తే, ఆ నెల చందా కట్టి, సరైన ఎగ్జిట్ తేదీ వాళ్ల లాగిన్ నుంచే పెట్టగలరు.

ఇక డబ్బు మాట. ఇలాంటప్పుడు చాలామంది భయపడి ‘నేను ఎంత కట్టాలో చెప్పండి, వెంటనే కట్టేస్తాను’ అని మెయిల్‌లో రాసేస్తారు. అలా రాయకండి, ముందు లెక్క వేసుకోండి. మీ జీతం ఎంతో నాకు తెలియదు కాబట్టి ఉదాహరణకి గ్రాస్ 36,000, బేసిక్ 16,000 అనుకుందాం. మార్చిలో మీరు పని చేసిన 17 రోజులకి 36,000ని 31తో భాగించి 17తో గుణిస్తే సుమారు 19,742 రూపాయలు కంపెనీ మీకివ్వాలి. మీరు తక్కువ చేసిన 15 రోజులకి బేసిక్ మీద కోస్తే 8,000, గ్రాస్ మీద కోస్తే 18,000. ఏ రకంగా చూసినా, పీఎఫ్ లాంటి కోతలు పక్కన పెడితే, మీరు కట్టాల్సిందేమీ లేదు, వాళ్లే మీకు కొంత బాకీ. మిగిలిన సెలవులకి డబ్బిచ్చే పాలసీ ఉంటే అది ఇంకా కలుస్తుంది. రోజుల లెక్క 30తో వేస్తారా 31తో వేస్తారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, తేడా వందల్లోనే ఉంటుంది. అందుకే కడతాననో, ఇవ్వండనో అనకుండా సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పంపమని అడగండి. అది వచ్చాక మాట్లాడొచ్చు. ఆ స్టేట్‌మెంట్‌లో నోటీసు కోత మీద 18 శాతం జీఎస్టీ అని ఒక వరుస కనిపిస్తే ఒప్పుకోవద్దు. నోటీసు రికవరీకి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టు 3న పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది, దాని నంబరు 178/10/2022.

ఒక్కోసారి మిగిలిన కొద్ది మొత్తాన్ని వదులుకుంటే పని తొందరగా అవుతుంది. మీకు రావాల్సింది రెండు మూడు వేలే అయితే, చేతిలో రెండు వారాలే ఉంటే, నా సలహా వదిలేయమనే. కానీ ఆ మాట మొదటి మెయిల్‌లో వద్దు, వాళ్ల స్టేట్‌మెంట్ వచ్చాక చెప్పండి.

ఇప్పుడు మెయిల్. మీ పాత కంపెనీలో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులోనే నడుస్తాయి కాబట్టి మీరు ఇంగ్లీషులోనే పెట్టాలి. కింద తెలుగులో రాసినదాన్ని ఇదే వరుసలో, ఇంతే పొడవులో మార్చుకోండి. ఖాళీల్లో మీ వివరాలు పెట్టుకోండి.

సబ్జెక్ట్: ఎగ్జిట్ ఫైలు ముగింపు, రిలీవింగ్ మరియు ఎక్స్‌పీరియన్స్ లెటర్ల కోసం – ఎంప్లాయీ ఐడీ ____ – ఆఖరి పని రోజు 17 మార్చి 2022

హెచ్ఆర్ టీమ్‌కి నమస్కారం.

నేను మీ సంస్థలో 17 జూన్ 2019 నుంచి 17 మార్చి 2022 వరకు ____ ప్రాజెక్టులో టెస్ట్ ఇంజనీర్‌గా పనిచేశాను. ఎంప్లాయీ ఐడీ ____. కంపెనీ రికార్డుల్లో నా పేరు ____, పాన్ కార్డు ప్రకారం ____. రిపోర్టింగ్ మేనేజర్ శ్రీ ____.

31 జనవరి 2022న రాజీనామా ఇచ్చాను. 60 రోజుల నోటీసులో 45 రోజులు పనిచేశాను. 17 మార్చిన రిలీవ్ కావడానికి మేనేజర్ అంగీకరించారు, ఆ సంభాషణ జతచేశాను. ల్యాప్‌టాప్ (సీరియల్ నంబరు ____) ____ తేదీన కొరియర్ ద్వారా హైదరాబాద్ ఆఫీసుకి పంపాను, రసీదు జతచేశాను. నా మార్చి జీతం, ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకా అందలేదు.

దయచేసి ఈ కిందివి పూర్తిచేయగలరు. ముందుగా, నా ఎగ్జిట్ ఫైలులో ఏదైనా పెండింగ్ ఉంటే అదేమిటో, ఏ విభాగం దగ్గర ఉందో తెలియజేయండి. ఆఖరి నెల జీతం, నోటీసు తగ్గింపు లెక్కతో ఫైనల్ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పంపండి. ఆ తర్వాత ఫైలు ముగించి, ఆఖరి పని రోజు 17 మార్చి 2022గా రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ జారీ చేయండి. పీఎఫ్ రికార్డులో ఎగ్జిట్ తేదీ కూడా ఇదే ఉండేలా చూడండి.

ఒక ఉద్యోగ దరఖాస్తు కోసం ఈ పత్రాలు నాకు ____ తేదీలోగా కావాలి. సెటిల్‌మెంట్‌కి ఎక్కువ సమయం పట్టేట్లయితే, ఈలోగా నేను పనిచేసిన కాలం, హోదా ధ్రువీకరిస్తూ కంపెనీ మెయిల్ ఐడీ నుంచి ఒక జవాబు ఇవ్వగలరు.

నా ఫోన్ నంబరు ____. ఈ పనికి సంబంధించి నేను ఎవరితో మాట్లాడాలో చెబితే నేనే ఫోన్ చేస్తాను.

ఇట్లు, ____

ఇందులో కొన్ని చోట్ల ఎందుకలా రాశానో చెబుతాను. 45 రోజులే చేశానని మీరే చెప్పేయడం వల్ల నష్టం లేదు, అది వాళ్ల సిస్టమ్‌లో ఎలాగూ ఉంటుంది. మీరు దాచినట్టు కనిపిస్తే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పైవాళ్లని అడగకుండా అడుగు వేయరు. రాసేశారంటే వాళ్ల ముందున్నది కేవలం లెక్క తేల్చే పని.

రెండు పేర్లూ రాయమన్నది మన తెలుగువాళ్ల ఇంటిపేరు గొడవ వల్ల. కంపెనీ రికార్డులో పేరు చివర ఒక్క అక్షరం ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, టెన్త్ మెమోలో ఇంకో రకంగా ఉంటుంది. లెటర్ మీద ఒకటి, అప్లికేషన్‌లో ఒకటి ఉంటే వెరిఫికేషన్‌లో ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. లెటర్‌లో కంపెనీ రికార్డు పేరు వేసి, పక్కన పాన్ పేరు కూడా వేయమంటే చాలా కంపెనీలు వేస్తాయి.

ఆఖరి పేరాలో అడిగిన ధ్రువీకరణ మెయిల్ మీ రెండు వారాల గడువుకి ఊపిరి. రిలీవింగ్ లెటర్ అంటే ‘ఇతన్ని బాధ్యతల నుంచి విడుదల చేశాం’ అని కంపెనీ ఒప్పుకోవడం, అందుకని లెక్కలు తేలేదాకా ఇవ్వడానికి జంకుతారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు అని చెప్పడానికి అంత అభ్యంతరం ఉండదు. కంపెనీ డొమైన్ నుంచి వచ్చిన ఆ జవాబు చూపిస్తే కొత్త హెచ్ఆర్ మీకు ఇంకొంత సమయం ఇస్తారు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. కొత్త కంపెనీ పేరు అక్కర్లేదు. ఇంట్లో కష్టాలు వద్దు. మూడేళ్లు చాకిరీ చేస్తే జీతం ఎగ్గొట్టారన్న కోపం న్యాయమైనదే, కానీ చదివే మనిషి మీకు జీతం ఆపిన మనిషి కాదు. లెటర్ మీద పాత తేదీ వేయమని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అడగొద్దు. లెటర్ మీద ఇవాళ్టి తేదీ, లోపల 2022 ఆఖరి రోజు ఉండటం మామూలే, ఎవరూ తప్పుపట్టరు.

మెయిల్ ఏ ఐడీ నుంచి పెడుతున్నారన్నది చూసుకోండి. కంపెనీలో ఉన్నప్పుడు హెచ్ఆర్ రికార్డులో ఇచ్చిన పర్సనల్ మెయిల్ నుంచే పెట్టాలి. వేరే ఐడీ నుంచి వస్తే మీరే అని వాళ్లకి నమ్మకం ఉండదు, ఇంకొకరి పత్రాలు అడుగుతున్నారేమో అనుకుని ఊరుకుంటారు. ఆ ఐడీ ఇప్పుడు పనిచేయకపోతే ఆ సంగతి ఒక వాక్యంలో రాసి పాన్ కాపీ పెట్టండి. ఆధార్ పంపాల్సిన పని లేదు. జతచేసేవన్నీ, అంటే అపాయింట్‌మెంట్ లెటర్ మొదటి పేజీ, ఆఖరి పేస్లిప్, మేనేజర్ చాట్, కొరియర్ రసీదు, అన్నీ ఒకే చిన్న పీడీఎఫ్‌గా చేయండి. బయటి నుంచి జిప్ ఫైళ్లు, ఆరేడు అటాచ్‌మెంట్లు వస్తే కంపెనీ ఫిల్టర్ ఆపేస్తుంది. మీ మొదటి రెండు మెయిళ్లు అసలు చేరాయో లేదో కూడా మనకి తెలియదు.

ఎవరికి పెట్టాలంటే, పాత పేస్లిప్ అడుగునో అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో ఉన్న హెచ్ఆర్ ఉమ్మడి ఐడీకి. దాంతోపాటు ఇప్పుడు అక్కడ హెచ్ఆర్‌లో ఉన్న ఒక మనిషిని లింక్డిన్‌లో పట్టుకోండి. అక్కడ కథంతా చెప్పక్కర్లేదు, ‘ఫలానా సబ్జెక్ట్‌తో ఒక మెయిల్ పెట్టాను, ఎగ్జిట్ కేసులు ఎవరు చూస్తారో చెబుతారా’ అని అడిగితే చాలు. ఇంకా అక్కడే పనిచేస్తున్న పాత టీమ్‌మేట్ ఉంటే ఫోన్ కంటే ఎక్కువ పని చేస్తాడు, హెచ్ఆర్ సీటు దాకా నడిచి వెళ్లి అడగగలడు. సీఈఓతో సహా పదిమందిని కాపీలో పెట్టడం నాకు నచ్చదు. పదిమందికి వెళ్లిన మెయిల్‌కి పదకొండోవాడు జవాబిస్తాడని అందరూ అనుకుంటారు.

ఈ సైజు కంపెనీల్లో పేరోల్, ఎగ్జిట్ ఒకరిద్దరే చూస్తుంటారు, కాబట్టి నెలలో 24 తర్వాత ఏ మెయిలూ కదలదు. మీ రెండు వారాల్లో నెలాఖరు పడుతుంటే ఇవాళే పెట్టండి.

మూడు పనిదినాలు చూసి, అదే మెయిల్‌కి రిప్లై చేస్తూ రెండు వాక్యాలు రాయండి. కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు, పాతదీ కొత్తదీ విడిపోతాయి. మర్నాడు కంపెనీ బోర్డ్ నంబరుకి ఫోన్ చేసి, హెచ్ఆర్‌కి కలపమని, ఏ తేదీన ఏ సబ్జెక్ట్‌తో మెయిల్ పెట్టారో చెప్పండి. ఎవరు మాట్లాడారో పేరు రాసుకుని, ‘ఇప్పుడే మీతో మాట్లాడిన ప్రకారం’ అంటూ అదే మెయిల్‌లో ఇంకో రిప్లై పెట్టండి. చాలావరకు ఇక్కడ కదులుతుంది. మీరు ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఉంటే ఒకరోజు నేరుగా వెళ్లడం ఇంకా మంచిది. రిసెప్షన్‌లో కూర్చున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని ఫైలు పక్కన పెట్టడం కష్టం.

అయినా కదలకపోతే ఇదే మెయిల్‌ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి హెచ్ఆర్ హెడ్ పేరిట స్పీడ్ పోస్ట్‌లో పంపండి. రిజిస్టర్డ్ అడ్రస్ కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే వస్తుంది. ఆఫీసు మారిపోయినా, కంపెనీని ఇంకొకరు కొనేసినా కూడా అలాగే వెతకాలి. లాయర్ నోటీసు గురించి అడుగుతారేమో. ఇవ్వొచ్చు, కానీ రెండు వారాల్లో పని కావాలన్నప్పుడు అది అడ్డే. ఫైలు హెచ్ఆర్ చేతిలోంచి లీగల్ చేతిలోకి వెళ్లిపోతుంది, అక్కడ ఎవరికీ తొందర ఉండదు.

ఇదంతా నడుస్తుండగానే కొత్త కంపెనీకి విషయం చెప్పేయండి. గడువు ఆఖరి రోజు దాకా ఆగొద్దు. ‘లెటర్లు అప్పుడు జారీ కాలేదు, ఫలానా తేదీన అడిగాను, మెయిల్ కాపీ ఇది, ఈలోగా ఇవి చూడండి’ అని అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ పంపండి. టీడీఎస్ కోసి ఉంటే ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు కనిపిస్తుంది, అదీ జతచేయండి. జీతం పన్ను పరిధిలోకి రాకపోతే అందులో ఏమీ ఉండదు, కంగారుపడొద్దు. మధ్యలో ఇంకో కంపెనీలో పనిచేశారు కాబట్టి ఇది మీ ఆఖరి ఉద్యోగం కాదు. చాలా కంపెనీలు ఆఖరి ఉద్యోగం రిలీవింగ్ లెటర్ దగ్గరే పట్టుబడతాయి, అంతకుముందు వాటికి ఇలాంటి ప్రత్యామ్నాయాలతో ఒప్పుకుంటాయి. పీఎఫ్‌లో తేదీ వేరుగా ఉంటే ఆ సంగతి కూడా మీరే ముందు చెప్పండి, మార్చి జీతం ఆగడం వల్ల ఆ నెల చందా పడలేదని ఒక వాక్యం చాలు. ఏజెన్సీ కనిపెట్టి అడిగాక చెప్తే అదే వాక్యం సాకులా వినిపిస్తుంది.

లెటర్లు వచ్చాక వెంటనే అప్‌లోడ్ చేయకుండా ఒకసారి చదవండి. రెండు తేదీలు, పేరు, చేరినప్పటి హోదా, మానేసినప్పటి హోదా, ఐడీ, సంతకం పెట్టినవారి పేరు, లెటర్‌హెడ్ చూడండి. ప్రమోషన్ వచ్చి ఉంటే పాత హోదాయే వేసి పంపడం తరచూ జరుగుతుంది. రెండూ కలిపి ఒకే పేజీలో ఇచ్చినా చెల్లుతుంది, విడిగా కావాలని పట్టుబట్టొద్దు. ‘నోటీసు పూర్తిచేయలేదు’ అనే వాక్యం లోపల పెట్టి ఉంటే, సెటిల్‌మెంట్‌లో దానికి కోత పడిన వరుస చూపించి, ఆ వాక్యం తీసేయమని అదే మెయిల్‌లో అడగండి. డబ్బు కోసుకున్నాక ఆ మాట లెటర్‌లో ఉండాల్సిన అవసరం లేదు, మర్యాదగా అడిగితే ఎక్కువమంది తీసేస్తారు. ఆ తర్వాత, వెరిఫికేషన్ మెయిల్ ఏ ఐడీకి పంపాలో కూడా వాళ్లనే అడిగి, అప్లికేషన్‌లో హెచ్ఆర్ కాంటాక్ట్ అన్న చోట ఆ ఐడీయే ఇవ్వండి. మానేసిన మేనేజర్ పేరు అక్కడ పెట్టొద్దు.